ఆస్పత్రిలో ఉండి ఆడిట్ రిపోర్టు ఆలస్యమైంది, 1.20 లక్షల పెనాల్టీ నోటీసు వచ్చింది – మాఫీ లెటర్ ఎలా రాయాలి?

గూడెం_కిరాణా
తాడేపల్లిగూడెంలో హోల్‌సేల్ కిరాణా కొట్టు నాది. 2022-23 సంవత్సరానికి టర్నోవర్ 2 కోట్ల 40 లక్షలు. ఆడిట్ రిపోర్టు 2023 సెప్టెంబర్ 30 లోపు వెళ్ళాలి, నాది నవంబర్ 22న వెళ్ళింది. మధ్యలో నేను ఆస్పత్రిలో ఉన్నాను. ప్యాంక్రియాస్ వాచిపోయి సెప్టెంబర్ 13న చేర్చారు, అందులో ఆరు రోజులు ఐసీయూ. అక్టోబర్ 9న ఇంటికి పంపారు. రిటర్న్ నవంబర్ 25న వేశాం. లేటు ఫీజు 5,000, వడ్డీ 380 అప్పుడే కట్టేశాను. అంతటితో అయిపోయిందనుకున్నా.

ఇప్పుడు సెక్షన్ 271B అని నోటీసు. ఎందుకు పెనాల్టీ వేయకూడదో చెప్పమంటున్నారు. టర్నోవర్‌లో అర శాతం, అంటే 1,20,000. జవాబుకి ఇంకా 9 రోజులుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. లెటర్ ఒకటి రాసుకున్నాను, చూసి చెప్పండి.

"గౌరవనీయులైన అధికారి గారికి, నేను చిన్న వ్యాపారిని. ఆరోగ్యం బాగాలేక ఆస్పత్రిలో ఉన్నందున సకాలంలో ఆడిట్ రిపోర్టు దాఖలు చేయలేకపోయాను. ఇది నా తప్పే. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. ఆస్పత్రి ఖర్చులకి అప్పులయ్యాయి. దయచేసి పెద్ద మనసుతో నన్ను క్షమించి పెనాల్టీ మాఫీ చేయవలసిందిగా, లేదా కనీసం సగానికి తగ్గించవలసిందిగా ప్రార్థన."

ఉప్మా_వ్యతిరేకి
ఆరో తరగతిలో క్లాస్ టీచర్‌కి రాసిన సెలవు చీటీ గుర్తొచ్చింది. "జ్వరము వచ్చినందున బడికి రాలేకపోతిని." కింద నాన్న సంతకం ఒక్కటే తక్కువ.

గూడెం_కిరాణా
నవ్వండి నవ్వండి. లక్షా ఇరవై వేలు మీవైతే తెలిసేది.

పన్ను_పోటు
దీనికి లెటర్ ఎందుకన్నా, 119(2)(b) కింద కండొనేషన్ అప్లికేషన్ పెట్టు. ఆస్పత్రి కారణం చెప్తే ఆలస్యాన్ని మన్నిస్తారు. 2024 అక్టోబర్ 1న కొత్త సర్క్యులర్ కూడా వచ్చింది, కోటి లోపు అయితే ప్రిన్సిపల్ కమిషనరే చూస్తాడు. మా బావమరిదికి అట్లాగే వచ్చింది.

సీఏ_బెజవాడ
@పన్ను_పోటు సర్క్యులర్ ఉన్నమాట నిజమే, కానీ అది వేరే జబ్బుకి మందు. రిటర్న్ వేసే గడువు పూర్తిగా దాటిపోయి, రీఫండో నష్టమో చేజారిపోతుంటే దానికోసం వెళ్ళే దారి అది. మీ బావమరిదికి రీఫండ్ రావాల్సి ఉండి ఉంటుంది. ఈయన రిటర్న్ నవంబర్‌లోనే వేశారు, డిసెంబర్ 31 వరకు ఆలస్యపు రిటర్న్‌కి అవకాశం ఉంది కాబట్టి ఆ గొడవే లేదు. ఇక్కడున్నది ఆడిట్ రిపోర్టు ఆలస్యానికి పెనాల్టీ నోటీసు మాత్రమే.

గూడెం గారూ, మీ లెటర్‌లో రెండు మాటలు ముందు తీసేయండి. "ఇది నా తప్పే" ఒకటి, "మాఫీ" రెండోది. పెనాల్టీ ఇంకా పడలేదు. పడని దాన్ని మాఫీ చేయమని అడిగితే పడాల్సిందేనని మీరే ఒప్పుకున్నట్టు. చట్టంలో 273B అని ఇంకో సెక్షన్ ఉంది. సహేతుకమైన కారణం ఉందని మీరు రుజువు చేస్తే 271B పెనాల్టీ వేయనే కూడదని అది చెప్తుంది. రుజువు చేసే బరువు మాత్రం మీ మీదే. కాబట్టి మీరు దయ అడగడం లేదు, కారణం చూపించి "ఈ ప్రొసీడింగ్స్ విరమించండి" అంటున్నారు.

పన్ను_పోటు
సరే, ఒప్పుకున్నా. అయితే ఆ 273B చూపించి ఐదు వేల లేటు ఫీజు కూడా వెనక్కి అడగొచ్చుగా?

సీఏ_బెజవాడ
కుదరదు. ఆ ఐదు వేలు 234F కింద ఫీజు, పెనాల్టీ కాదు. 273B లో రాసిన సెక్షన్ల జాబితాలో అది లేదు. ఐసీయూలో ఉన్నా, ఇంట్లో టీవీ చూస్తూ కూర్చున్నా ఆ ఫీజు పడుతుంది. 380 రూపాయల వడ్డీ మాఫీకి చీఫ్ కమిషనర్ దగ్గర ఒక దారి ఉంది గానీ, ఆ అర్జీకి జిరాక్సుల ఖర్చే అంతవుతుంది.

డల్లాస్_బాబాయ్
ఇంత అవసరమా? మా ఆవిడ సర్జరీ టైంలో నేను రిటర్న్ లేట్ చేశా. ఐఆర్ఎస్ వాళ్ళు ఫెయిల్యూర్ టు ఫైల్ పెనాల్టీ వేశారు. ఫోన్ చేసి "ఫస్ట్ టైమ్ అబేట్‌మెంట్ ఇవ్వండి" అన్నా. వెనక మూడేళ్ళు రికార్డు శుభ్రంగా ఉందా అని చూసి, లైన్‌లో ఉండగానే తీసేశారు. ఆస్పత్రి కాగితాలు అడగనే లేదు.

ఉప్మా_వ్యతిరేకి
ఇక్కడ ఫేస్‌లెస్ బాబాయ్. ఫోన్ చేద్దామన్నా అవతల ఎవరున్నారో, ఏ ఊళ్ళో ఉన్నారో ఆ దేవుడికే తెలియాలి.

సీఏ_బెజవాడ
@డల్లాస్_బాబాయ్ అక్కడ అది రికార్డు చూసి ఇచ్చే సదుపాయం. ఇక్కడ మొదటిసారి అన్నంత మాత్రాన పెనాల్టీ పోదు, కారణం నిలబడాలి. అయినా వెనకటి సంవత్సరాలు సమయానికి వేశారని ఒక వాక్యం రాయడం మంచిదే. గూడెం గారూ, వేశారా?

గూడెం_కిరాణా
అంతకుముందు నాలుగేళ్ళూ గడువులోపే. ఒక్కసారి కూడా దాటలేదు.

జీఎస్టీ_బాధితుడు
నేను కూడా డెంగ్యూతో పది రోజులు మంచం మీద ఉండి 3B లేట్ చేశాను. రోజుకి 50 చొప్పున పడింది. డిశ్చార్జి పేపర్లు పట్టుకుని ఆఫీసుకి వెళ్తే "సిస్టమ్ వేసింది, మా చేతిలో ఏం లేదు" అన్నారు. ఈ లెటర్లన్నీ దండగ, కట్టేయండి.

టాలీ_లక్ష్మి
@జీఎస్టీ_బాధితుడు మీరు జీఎస్టీ సంగతి చెప్తున్నారు, ఆయనది ఇన్‌కమ్ టాక్స్. జీఎస్టీ లేటు ఫీజు తగ్గించాలంటే కౌన్సిల్ సిఫార్సు మీద ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. మీ ఆఫీసరుకి నిజంగానే అధికారం లేదు. ఇక్కడి ఆఫీసరుకి ఉంది. అయినా మీ మాటతో ఒకటి గుర్తొచ్చింది. గూడెం గారూ, మీరు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మీ జీఎస్టీ రిటర్న్‌లు ఎవరు వేశారు?

గూడెం_కిరాణా
మా గుమాస్తా. సెప్టెంబర్ 20న ఒకటి, అక్టోబర్ 20న ఒకటి. రెండూ టైంకే వెళ్ళాయి. ఆ విషయంలో ఏ లోటూ లేదు.

టాలీ_లక్ష్మి
అదే అసలు లోటు 😀

గూడెం_కిరాణా
అర్థం కాలేదు. టైంకి వేయడం తప్పా?

రిటైర్డ్_ఐటీ
లక్ష్మి గారు సరైన చోట వేలు పెట్టారు. నేను ముప్పై ఏళ్ళు ఆ డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేశాను. ఇలాంటి ఫైలు ముందుకొస్తే మొదట చూసేది తేదీలు. యజమాని ఐసీయూలో ఉన్న రోజుల్లో జీఎస్టీ రిటర్న్ సమయానికి వెళ్ళిందని కనిపిస్తే, "వ్యాపారం నడుస్తోంది, లెక్కలు రాస్తున్నారు, అది చేయగలిగినవాళ్ళు ఇది ఎందుకు చేయలేకపోయారు?" అని ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న వాళ్ళు వేయకముందే మీ లెటర్‌లో జవాబు ఉండాలి.

ఇంకో రెండు ప్రశ్నలు కూడా వస్తాయి. లెక్కలు మార్చి 31కే ముగిశాయి కదా, సెప్టెంబర్ 13 దాకా ఆడిట్ ఎందుకు కాలేదు? అక్టోబర్ 9న డిశ్చార్జి అయితే నవంబర్ 22 దాకా ఏం చేశారు? ఆస్పత్రిలో ఉన్న 27 రోజుల గురించి ఎవరికీ అనుమానం ఉండదు, కాగితం ఉంది. గొడవంతా దానికి ముందు, దాని తర్వాత.

గూడెం_కిరాణా
సరే, ఒక్కొక్కటి చెప్తాను.

జీఎస్టీకి అమ్మకం బిల్లులు, కొనుగోలు బిల్లులు ఉంటే చాలు, అవి గుమాస్తా దగ్గరే ఉంటాయి. ఆడిట్‌కి మా సీఏ గారు అడిగినవి వేరు. మార్చి 31 నాటి సరుకు నిల్వ లిస్టు, చేతి బదుళ్ళ వివరాలు, పాత బాకీల్లో ఏవి వస్తాయి ఏవి రావు అన్నది. అవి నా నల్ల డైరీలో, నా బుర్రలో ఉంటాయి. రిపోర్టుతో వెళ్ళే లెక్కల మీద సంతకమూ నాదే.

సెప్టెంబర్‌కి ముందు సంగతి: ఆగస్టు 28న సీఏ గారి ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, ఫలానా ఫలానా కావాలని. సెప్టెంబర్ 2న సరుకు లిస్టు పంపాను. మిగతావి వినాయక చవితి అయ్యాక ఇద్దామనుకున్నా. ఈలోపే పడిపోయాను.

డిశ్చార్జి తర్వాత: నాలుగు వారాలు మంచం దిగొద్దన్నారు. ఆ మాట డిశ్చార్జి సమ్మరీలోనే రాసి ఉంది.

సీఏ_బెజవాడ
బంగారం లాంటి కాగితాలు పెట్టుకుని ఆడపిల్లల తండ్రినని రాశారేమిటండీ! ఆగస్టు 28 మెయిల్, సెప్టెంబర్ 2న మీ జవాబు, రెండూ ప్రింట్ తీయండి. జబ్బు పడక ముందే ఆడిట్ మొదలై సాగుతోందని చూపించేవి అవే. అక్టోబర్ 9కి నాలుగు వారాలు కలిపితే నవంబర్ 6. ఇక 7 నుంచి 22 వరకు మిగిలింది. మీ సీఏ రిపోర్టు ఎప్పుడు అప్‌లోడ్ చేశారు? పోర్టల్‌లో చూడండి. ఆయన అప్‌లోడ్ చేసిన తేదీ, మీరు ఆమోదించిన తేదీ వేరువేరుగా ఉంటాయి.

గూడెం_కిరాణా
ఇప్పుడే చూశాను. ఆయన అప్‌లోడ్ చేసింది నవంబర్ 14. నేను ఆమోదించింది 22. నిజం చెప్పాలంటే అలా ఆమోదించాలని నాకు తెలియదు. ప్రతి ఏడూ మా గుమాస్తా ఓటీపీ అడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి. ఆ ఏడాది ఓటీపీ పాత సిమ్‌కి పోయింది, ఆ సిమ్ ఎక్కడుందో వెతికేసరికి వారం.

ఉప్మా_వ్యతిరేకి
లక్షా ఇరవై వేల రూపాయల సిమ్.

టాలీ_లక్ష్మి
ఇది చాలామందికి జరుగుతుంది. సీఏ 3CB-3CD అప్‌లోడ్ చేస్తే పని అయిపోయిందనుకుంటారు. వ్యాపారి తన లాగిన్‌లో Pending Actions కింద Worklist లోకి వెళ్ళి `Accept` నొక్కి ఈ-వెరిఫై చేసేదాకా అది దాఖలైనట్టు కాదు. మా క్లయింట్ ఒకాయన రిపోర్టు సెప్టెంబర్ 26న అప్‌లోడ్ అయ్యింది, ఆయన తిరుపతి వెళ్ళి అక్టోబర్ 3న వచ్చి ఆమోదించాడు. ఆయనకీ నోటీసు వచ్చింది.

వరంగల్_వకీల్
ఆ ఎనిమిది రోజుల ముచ్చట లెటర్‌లో ఎత్తనే వద్దు. వాళ్ళు అడిగితే అప్పుడు చెప్పొచ్చు. మన బలహీనత మనమే చేతిలో పెట్టుడేంది? దాని బదులు 1969 నాటి సుప్రీంకోర్టు తీర్పు హిందుస్తాన్ స్టీల్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఒరిస్సా పెట్టండి. చట్టం వేయొచ్చన్నంత మాత్రాన ప్రతిసారీ పెనాల్టీ వేయాలని లేదు, కావాలని చట్టాన్ని ధిక్కరిస్తే వేరు అని అందులో ఉంది. 271B లో కూడా "మే" అనే ఉంది, "షల్" అని లేదు.

రిటైర్డ్_ఐటీ
వకీల్ గారితో సగం ఏకీభవిస్తాను. తీర్పు పెట్టండి, ఒక్క వాక్యం చాలు. పది తీర్పులు గుచ్చిన జవాబులు చాలా చూశాను. అవి చదివేవాడికి మొదట కలిగే అనుమానం, ఇతని దగ్గర వాస్తవాలు తక్కువేమోనని.

ఎనిమిది రోజులు దాచడం మాత్రం వద్దు. అప్‌లోడ్ తేదీ, ఆమోదం తేదీ రెండూ వాళ్ళ స్క్రీన్ మీదే ఉంటాయి. 53 రోజుల ఆలస్యంలో 45 రోజులకి కాగితం చూపించి మిగతా 8 రోజులు మింగేస్తే, ఆ 45 మీద కూడా నమ్మకం పోతుంది. ఆ ఎనిమిది రోజుల్ని ఆస్పత్రి ఖాతాలో కూడా రాయకండి, అది అబద్ధం. ఉన్నదున్నట్టు ఒక వాక్యం.

వరంగల్_వకీల్
మీరు కుర్చీకి ఆవలి వైపు కూర్చున్నోళ్ళు సర్, అందుకే అట్లంటున్నరు. ఈవలి వైపు కూర్చుంటే తెలుస్తది. ఒక్క రోజు ఖాళీ దొరికినా దాన్నే పట్టుకుని ఆర్డర్ రాసినోళ్ళు లేరా?

రిటైర్డ్_ఐటీ
ఉన్నారు. కాదనను. దాచి దొరికినవాళ్ళ మీద రాసిన ఆర్డర్లు అంతకంటే ఎక్కువ.

పన్ను_పోటు
అసలు ఆడిటే అక్కర్లేదు కదా? పది కోట్ల దాకా ఆడిట్ లేదని పేపర్లో చదివాను.

సీఏ_బెజవాడ
నగదు వసూళ్ళు, నగదు చెల్లింపులు రెండూ విడివిడిగా ఐదు శాతం లోపు ఉంటేనే ఆ పది కోట్ల పరిమితి. లేకపోతే కోటి దాటితే ఆడిట్ తప్పదు. కిరాణా హోల్‌సేల్‌లో నగదు ఐదు శాతం లోపా? గూడెం గారూ, మీది ఎంత?

గూడెం_కిరాణా
సగం పైనే నగదు. చుట్టుపక్కల పల్లెల కొట్ల వాళ్ళు సంచిలో డబ్బులు తెచ్చి సరుకు వేసుకుపోతారు.

సీఏ_బెజవాడ
అయితే ఆ వాదన మర్చిపోండి.

ఇంకో మాట. మీ మొదటి లెటర్‌లో "కనీసం సగానికి తగ్గించండి" అని ఉంది. 271B లో ఒక్క రోజు ఆలస్యమైనా 300 రోజులైనా లెక్క ఒకటే, అర శాతం లేదా లక్షన్నర, ఏది తక్కువైతే అది. కారణం నచ్చితే మొత్తం పోతుంది, నచ్చకపోతే మొత్తం పడుతుంది. సగం అనే గడి ఆఫీసరు దగ్గర లేదు. సగం అడిగితే మీ కారణం మీకే సగం నమ్మకంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

గూడెం_కిరాణా
ఇంకో చిక్కు. ఆస్పత్రి కాగితాల్లో నా పేరు పాన్‌లో ఉన్నట్టు లేదు. అంబులెన్స్‌లో తీసుకెళ్ళినప్పుడు మా తోడల్లుడు నోటికొచ్చింది చెప్పాడు. ఇంటిపేరు లేదు, ఇంట్లో పిలిచే పేరు ఒక్కటే ఉంది. వయసు కూడా రెండేళ్ళు ఎక్కువ రాయించాడు.

ఉప్మా_వ్యతిరేకి
తోడల్లుళ్ళు రెండేళ్ళు ఎక్కువే చెప్తారు, అది వాళ్ళ హక్కు.

టాలీ_లక్ష్మి
ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేశారా? చేసి ఉంటే క్లెయిమ్ సెటిల్‌మెంట్ కాగితంలో పాలసీ మీద ఉన్న అసలు పేరు, ఆస్పత్రి ఐపీ నంబరు రెండూ ఒకే చోట ఉండే అవకాశం ఉంది. అది జత చేస్తే చాలు. లేకపోతే ఆస్పత్రి రికార్డుల విభాగంలో ఆధార్ చూపించి సరిచేసిన సర్టిఫికెట్ అడగండి. ఆలస్యం చేయకండి, వాళ్ళు రెండు మూడు రోజులు తిప్పుతారు.

గూడెం_కిరాణా
క్లెయిమ్ చేశాను! ఆ కాగితంలో పూర్తి పేరు, ఐపీ నంబరు రెండూ ఉన్నాయి. లక్ష్మి గారూ, మీ రుణం తీర్చుకోలేను. గూడెం వస్తే కందిపప్పు ఫ్రీ.

టాలీ_లక్ష్మి
క్వింటాలా?

వరంగల్_వకీల్
యాభయ్యో అరవయ్యో పేజీల ల్యాబ్ రిపోర్టులన్నీ పెట్టకండి. డిశ్చార్జి సమ్మరీ, ఫైనల్ బిల్లు, క్లెయిమ్ కాగితం చాలు. మీ రక్తంలో ఏమేం ఉన్నయో ఫేస్‌లెస్ సెంటర్‌కి ఎందుకు? ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకుండా స్కాన్ చేయించండి, ఫోన్‌లో ఫొటోలు తీసి పెడితే ఎక్కదు.

సీఏ_బెజవాడ
నోటీసు అసలుదేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. పైన DIN నంబరు ఉంటుంది. పోర్టల్ మొదటి పేజీలో `Authenticate Notice/Order Issued by ITD` అని ఉంటుంది, లాగిన్ అక్కర్లేదు. నకిలీ మెయిళ్ళు చాలా తిరుగుతున్నాయి.

గూడెం_కిరాణా
చూశాను, అసలుదే. నకిలీ అయితే బాగుండు అనుకుంటూనే నొక్కాను.

సీఏ_బెజవాడ
సరే, మీరు చెప్పినవన్నీ పెట్టి లెటర్ తెలుగులో రాశాను. మీ సీఏ చేత ఇంగ్లీషులో రాయించి లెటర్‌హెడ్ మీద పెట్టండి. పైన నోటీసు DIN, తేదీ, పాన్, అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24 తప్పకుండా ఉండాలి.

"విషయం: సెక్షన్ 271B నోటీసుకు జవాబు, సెక్షన్ 273B ప్రకారం పెనాల్టీ ప్రొసీడింగ్స్ విరమించవలసిందిగా మనవి.

2022-23 సంవత్సరపు నా ఆడిట్ రిపోర్టు 30-09-2023 నాటికి దాఖలు కావలసి ఉండగా 22-11-2023న దాఖలైంది. ఆలస్యం 53 రోజులు. దానికి కారణాలు తేదీల వారీగా ఇవి.

ఆడిట్ పని ఆగస్టు 2023లోనే మొదలైంది. 28-08-2023న ఆడిటర్ వివరాలు కోరారు, 02-09-2023న నేను సరుకు నిల్వ జాబితా ఇచ్చాను (జత 1). 13-09-2023న తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్‌తో ఆస్పత్రిలో చేరి, ఆరు రోజులు ఐసీయూలో ఉండి, 09-10-2023న డిశ్చార్జి అయ్యాను (జత 2, 3). గడువు తేదీ నాడు నేను ఆస్పత్రిలోనే ఉన్నాను. వైద్యులు మరో నాలుగు వారాలు, అంటే 06-11-2023 వరకు పూర్తి విశ్రాంతి రాశారు (జత 2).

నా వ్యాపారం సొంత యాజమాన్యం. ఈ కాలంలో జీఎస్టీ రిటర్న్‌లను నా గుమాస్తా బిల్లుల ఆధారంగా దాఖలు చేశారు. ఆడిట్‌కు కావలసిన చేతి బదుళ్ళ, బాకీల వివరాలు, లెక్కలపై సంతకం నేను తప్ప వేరొకరు ఇవ్వగలిగినవి కావు.

విశ్రాంతి గడువు ముగిసిన వెంటనే మిగిలిన వివరాలు ఇచ్చాను. 14-11-2023న ఆడిటర్ రిపోర్టు అప్‌లోడ్ చేశారు. ఓటీపీ పాత మొబైల్ నంబరుకు వెళ్ళడం వల్ల నా ఆమోదం 22-11-2023న జరిగింది. ఈ చివరి ఎనిమిది రోజులు సాంకేతిక కారణంతో జరిగినవే గాని ఉద్దేశపూర్వకం కావు.

రిటర్న్ 25-11-2023న, ఏ నోటీసూ రాకముందే, పన్ను, వడ్డీ, లేటు ఫీజు చెల్లించి దాఖలు చేశాను. అంతకుముందు నాలుగు సంవత్సరాలు ఆడిట్ రిపోర్టులు గడువులోనే దాఖలయ్యాయి. ఆలస్యం వల్ల ప్రభుత్వ ఆదాయానికి నష్టం జరగలేదు.

పై కారణాలు సెక్షన్ 273B చెప్పే సహేతుకమైన కారణమని, కాబట్టి ప్రొసీడింగ్స్ విరమించవలసిందిగా కోరుతున్నాను. వేరే నిర్ణయం తీసుకోదలిస్తే ముందుగా వీడియో ద్వారా నా మాట వినే అవకాశం ఇవ్వగలరు."

రిటైర్డ్_ఐటీ
బాగుంది. ఒక్క మార్పు. "విశ్రాంతి గడువు ముగిసిన వెంటనే" అన్నచోట తేదీ వేయండి. వెంటనే అన్నది తేదీ కాదు. ఆ డైరీ ఆడిటర్‌కి ఏ రోజు ఇచ్చారు?

గూడెం_కిరాణా
నవంబర్ 8. ఆయనే ఇంటికి వచ్చి తీసుకెళ్ళారు. దీపావళి 12న వచ్చింది, రెండు రోజులు ఆఫీసు మూత. 14న అప్‌లోడ్.

రిటైర్డ్_ఐటీ
అయితే 08-11-2023 అని రాయండి. ఆయన దగ్గర డైరీ అందినట్టు చిన్న ధ్రువీకరణ దొరికితే జత 4.

వరంగల్_వకీల్
ఓటీపీ వాక్యం మీద నా అభ్యంతరం అట్లనే ఉన్నది. పెడితే పెట్టండి గానీ "పాత మొబైల్ నంబరు" అనకండి. నంబరు మార్చుకోకపోవుడు మీ నిర్లక్ష్యమే కదా అంటరు.

సీఏ_బెజవాడ
మరి ఏమంటారు? "సాంకేతిక కారణం" అని ఊరుకుంటే ఏమిటా కారణమని ఇంకో నోటీసు వస్తుంది. నేను ఉంచమనే అంటాను. గూడెం గారూ, నిర్ణయం మీదే.

గూడెం_కిరాణా
ఉంచుతున్నా సర్. రేపు అడిగితే నాకు వేరే కథ చెప్పడం రాదు.

డల్లాస్_బాబాయ్
ఇంత చేశాక కూడా పెనాల్టీ వేస్తే?

సీఏ_బెజవాడ
ఆర్డర్ అందిన 30 రోజుల్లోపు కమిషనర్ అప్పీల్స్ దగ్గరికి ఫారం 35. అక్కడా ఇవే కాగితాలు, ఇవే తేదీలు. కాబట్టి ఇప్పుడు రాసేది జాగ్రత్తగా రాయాలి. అక్కడికి వెళ్ళి కొత్త కథ మొదలుపెడితే ముందెందుకు చెప్పలేదంటారు.

రిటైర్డ్_ఐటీ
అసలు మాఫీ అన్న మాటకి చోటు ఉన్నది ఆ దశలో. 273A(4) కింద ప్రిన్సిపల్ కమిషనర్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. నిజమైన కష్టం ఉందని, విచారణకి సహకరించారని తేలితే తగ్గించొచ్చు, పూర్తిగా తీసేయొచ్చు. అప్పులు, ఆడపిల్లల చదువులు చెప్పుకునే చోటు అది. అయితే పెనాల్టీ లక్ష దాటితే ఆ ఆర్డర్‌కి పైవాళ్ళ ముందస్తు ఆమోదం కావాలి. ఈయనది లక్షా ఇరవై, కాబట్టి ఫైలు ఇంకో మెట్టు ఎక్కాలి.

పన్ను_పోటు
అంటే మాఫీ అడగొచ్చు, కానీ ఇప్పుడు కాదు. నేను మొదట చెప్పిందీ దాదాపు అదే.

ఉప్మా_వ్యతిరేకి
దాదాపు.

జీఎస్టీ_బాధితుడు
ఇంతకీ నా 3B ఫీజు సంగతి ఎవరైనా చూస్తారా?

గూడెం_కిరాణా
అప్‌డేట్. గడువుకి మూడు రోజుల ముందే `Submit Response` నొక్కాం. నాలుగు జతలు, ఎనిమిది ఎంబీ ఉన్న డిశ్చార్జి సమ్మరీని రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. అక్‌నాలెడ్జ్‌మెంట్ వచ్చింది, ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాను. ఆధార్‌కి ఇప్పుడున్న నంబరు కూడా లింక్ చేయించాను.

గూడెం_కిరాణా
ఐదు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. ఇంకో నోటీసు. పెనాల్టీ కాదు, వివరణ అడిగారు. జీఎస్టీ రిటర్న్ వేసిన గుమాస్తా లెక్కల విషయంలో నాకు ప్రతినిధిగా ఉన్నాడా, అతనికి ఏ పని అప్పజెప్పానో చూపించమన్నారు. ఓటీపీ గురించి ఒక్క మాట లేదు.

టాలీ_లక్ష్మి
చెప్పాను కదా. గుమాస్తా జీతం పద్దు, అతని పని బిల్లింగ్ అని ఏదైనా కాగితం ఉందా?

గూడెం_కిరాణా
జీతం పద్దు ఉంది. "బిల్లులు రాయు గుమాస్తా" అని మా నాన్న కాలం నాటి రిజిస్టర్‌లోనే ఉంది, అదే కొనసాగిస్తున్నాం. నాన్న దస్తూరీ. స్కాన్ చేయిస్తున్నాను.